పారేసేది తగ్గింది, గల్లా కూడా తగ్గింది: ఎగ్ పఫ్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

గోదారి_బేకరీ
రాజమండ్రిలో కాలేజీ రోడ్డు మీద చిన్న బేకరీ మాది. పఫ్‌లు, క్రీమ్ బన్‌లు, బ్రెడ్, దిల్‌పసంద్, కేక్ ముక్కలు. రోజూ రాత్రి కొట్టు కట్టేసే ముందు పుస్తకంలో మూడు గళ్లు రాస్తాం: చేసినవి, అమ్మినవి, మిగిలినవి. పారేసేది ఎక్కువవుతోందని దసరా సెలవులయ్యాక నాన్నగారు ఒక పద్ధతి పెట్టారు. నిన్న ఎన్ని అమ్ముడయ్యాయో ఈరోజు అన్నే చెయ్యాలి, ఒక్కటి ఎక్కువ చెయ్యకూడదు.

మొదటి వారం ఎగ్ పఫ్ లెక్క పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నా.

సోమ: చేసినవి 120, అమ్మినవి 108, మిగిలినవి 12
మంగళ: 108, 84, 24
బుధ: 84, 84, 0
గురు: 84, 79, 5
శుక్ర: 79, 79, 0
శని: 79, 68, 11
ఆది: 68, 68, 0

ఆ తర్వాత అరవై దాటి పైకి లేవడం లేదు. పారేసేది దాదాపు లేదు, నాన్నగారు సంతోషంగా ఉన్నారు. కానీ పఫ్‌ల మీద వచ్చే డబ్బు చూస్తే ముందున్నదాంట్లో సగానికి వచ్చింది. ఎదురుగా కొత్త బేకరీ పెట్టారు, దానివల్లేనా? లేక మాస్టర్ చేతిలో ఏమైనా తేడా వచ్చిందా? పఫ్ పొరలు మాత్రం బాగానే లేస్తున్నాయి.

బ్రెడ్డు_భాస్కర్
కొత్త బేకరీయే. మా వీధిలోనూ ఇదే జరిగింది. మొదటి నెల జనం కొత్తదనం కోసం అటు పోతారు, తర్వాత వాళ్లే తిరిగొస్తారు. ఈలోగా రేటు తగ్గించకండి.

సాయంత్రం_టీ
కార్తీకమాసం కదండీ. మా ఇంట్లో గుడ్డు వాసనే లేదు. ఎగ్ పఫ్ తినేవాళ్లే సగం అయిపోతారు, దీనికి పుస్తకం ఎందుకు.

గోదారి_బేకరీ
కార్తీకం దీపావళి తర్వాత మొదలైంది. నేను పైన ఇచ్చిన వారం అంతకుముందుది. అప్పుడే దిగిపోయింది.

హాస్టల్_వంట
వేస్టేజ్ అంటే మైదా, డాల్డా తరుగా? మా దగ్గర కేజీకి ఇంత అని ముందే తీసేస్తాం. పిండి అంచులు కోసినప్పుడు పోయేది కూడా రాయాలి మీరు.

గోదారి_బేకరీ
అది కాదండీ. కాల్చిన పఫ్‌లలో అమ్ముడుపోకుండా మిగిలినవి. అంచుల పిండి మేం మళ్లీ కలిపేస్తాం.

ఓవెన్_మాస్టర్
తమ్ముడూ, ఎదురు కొట్టుని కాసేపు పక్కన పెట్టు. నువ్వు రాసిన అంకెలే మళ్లీ పైనుంచి కిందికి చదువు. చేసినవి అన్న గడి ఒక్కసారైనా పెరిగిందా? పెరగదు, పెరగలేదు కూడా. నువ్వు చేసినదాని కంటే ఎక్కువ అమ్మడం కుదరదు కదా. కాబట్టి నిన్న అమ్మినంతే ఈరోజు అంటే, ఒక చల్లటి రోజు వచ్చినప్పుడల్లా అంకె ఒక మెట్టు దిగుతుంది, గిరాకీ ఉన్న రోజు వచ్చినా ఎక్కడానికి మెట్టు ఉండదు. మంగళవారం గుడ్డు తినని వాళ్లవల్ల 84కి పడింది. బుధవారం వాళ్లు తినడానికి వచ్చారు, నీ దగ్గర 84 మాత్రమే ఉన్నాయి. శనివారం మళ్లీ అదే.

ఒక్క మాట చెప్పు. బుధవారం, శుక్రవారం మిగిలింది సున్నా అని రాశావు. ఆ రోజుల్లో ఆఖరి పఫ్ ఎన్నింటికి పోయింది?

గోదారి_బేకరీ
పుస్తకంలో రాయం మాస్టారూ. బిల్లు మిషన్‌లో టైమ్ ఉంటుంది, ఇప్పుడే చూశా. బుధవారం ఆఖరి ఎగ్ పఫ్ 5:45కి, శుక్రవారం 5:30కి. ఆదివారం 7 దాటాక.

ఓవెన్_మాస్టర్
కొట్టు ఎప్పటిదాకా?

గోదారి_బేకరీ
రాత్రి తొమ్మిదిన్నర.

ఓవెన్_మాస్టర్
అంటే కాలేజీ వదిలాక, ట్యూషన్ పిల్లలు, ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు అందరికీ నువ్వు లేదనే చెప్పావు. అలా నాలుగు గంటలు. ఆ లేదన్నవి నీ పుస్తకంలో ఎక్కడా లేవు. మిగిలిన 24 కళ్లకు కనబడతాయి, చెత్తబుట్టలో పడతాయి, నాన్నగారికి బాధ కలుగుతుంది. వెళ్లిపోయిన నలభై మంది కనబడరు.

కార్తీకమో, ఎదురు కొట్టో కారణమైతే పఫ్‌లు మిగలాలి. గిరాకీ తగ్గినప్పుడు సరుకు ఉండిపోతుంది. నీకు సున్నా మిగిలి, సాయంత్రం ఐదున్నరకే ట్రే ఖాళీ అయిందంటే గిరాకీ తగ్గలేదు, సరుకే తగ్గింది.

కరీంనగర్_బన్
మాస్టర్ కరెక్ట్ చెప్పిండు. మా కాడ క్రీమ్ బన్ గిట్లనే అయ్యింది. అమ్మినంతే చేసుడు పెట్టినం, నెలకే సగం. తర్వాత మా అమ్మ గల్లా కాడ ఒక సుద్దముక్క పెట్టింది. ఎవరన్న అడిగి లేదంటే గోడ మీద గీత కొట్టుడే. రాత్రి ఆ గీతలు లెక్కపెట్టి పుస్తకంల రాస్తం. గీతలు సూసి మా నాయన నోరు మూసుకున్నడు.

లెక్కల_పద్మ
సుద్ద గీతలు బాగున్నాయి కానీ తక్కువే చూపిస్తాయి. ట్రే ఖాళీగా కనబడితే చాలామంది అడగకుండానే వెళ్లిపోతారు. కొందరు వెజ్ పఫ్ తీసుకుని సర్దుకుంటారు. గోదారిగారూ, ఎగ్ పఫ్ అయిపోయిన రోజుల్లో వెజ్ పఫ్ సాయంత్రం అమ్మకం చూడండి, పెరిగి ఉంటుంది. అప్పుడు వెజ్ లెక్క కూడా నిజం కాదు. రేపు దాన్ని చూసి వెజ్ ఎక్కువ చేస్తే అవి మిగులుతాయి.

గోదారి_బేకరీ
చూశా. మీరన్నట్టే ఉంది పద్మగారూ. శుక్రవారం ఆరు తర్వాత వెజ్ మామూలు కంటే బాగా ఎక్కువ పోయింది. మేం దాన్ని కార్తీకం ముందు ఊపు అనుకున్నాం.

బ్రెడ్డు_భాస్కర్
ఇంత ఆలోచన ఎందుకు? నిన్న అమ్మినదానికి పది శాతం కలిపి చెయ్యండి. అయిపోతుందన్న బాధ ఉండదు. మేం ఎప్పటినుంచో అదే చేస్తున్నాం.

ఓవెన్_మాస్టర్
భాస్కరూ, పైకి ఎక్కడానికి మెట్టు పెట్టావు, అంతవరకు సరే. కానీ మంగళవారం 84 అమ్మితే బుధవారం 92 చేస్తావు. బుధవారం 120 గిరాకీ. మళ్లీ సాయంత్రానికి ఖాళీ. ఇక శుక్రవారం బాగా అమ్మావనుకో, దానికి పది శాతం కలిపి శనివారం చేస్తావు, శనివారం గుట్టలు మిగులుతాయి. నిన్నటి రోజుతో ఈరోజుకి సంబంధం లేదు. మన ఊళ్లల్లో గుడ్డు అమ్మకం వారాన్ని బట్టి నడుస్తుంది. బుధవారాన్ని బుధవారాలతోనే పోల్చాలి.

బ్రెడ్డు_భాస్కర్
మాది బ్రెడ్ మాస్టారూ, దానికి వారం లేదు. అందుకే మాకు సరిపోయింది కాబోలు.

ఓవెన్_మాస్టర్
బ్రెడ్‌కి ఇంకో సంగతి ఉంది, తర్వాత చెప్తా.

కొత్త_కొట్టు
నేను వచ్చే నెల పెడుతున్నా. ఐదున్నరకి 79 అయిపోయాయి అంటే నిజంగా ఎంత గిరాకీ ఉందో ఎలా తెలుస్తుంది? అంచనాయేనా?

ఓవెన్_మాస్టర్
అంచనాయే, కానీ గాల్లోంచి తియ్యక్కర్లేదు. సరుకు అయిపోకుండా మిగిలిన రోజు ఒకటి తీసుకో. గోదారి తమ్ముడూ, మొదటి సోమవారం 108 అమ్మావు, 12 మిగిలాయి. ఆ రోజు ఎన్నింటికి ఎన్ని పోయాయో మిషన్‌లో తియ్యి. మూడున్నర, ఐదున్నర, ఎనిమిది, ఈ మూడు చాలు.

గోదారి_బేకరీ
మూడున్నరకి 43. ఐదున్నరకి 71. ఎనిమిదికి 100. కట్టేసేసరికి 108.

ఓవెన్_మాస్టర్
బాగుంది. అంటే ఐదున్నరకి రోజు మొత్తంలో దగ్గరదగ్గర మూడింట రెండొంతులు పోతాయి. శుక్రవారం ఐదున్నరకే 79 పోయాయి. 79 రెండొంతులైతే మొత్తం 118, 120 మధ్య. నీ శుక్రవారం గిరాకీ 79 కాదు, 120. నాలుగు మంచి రోజులు చూసి ఈ వాటాలు సరిచూసుకో, ఒక్క రోజు మీద ఆధారపడకు.

ఇది ఎక్కడ పనికిరాదో కూడా విను. ఆదివారం కాలేజీ ఉండదు, జనం పొద్దున, రాత్రి వస్తారు, వాటాలు వేరు. ఆదివారానికి ఆదివారం వాటాలే వాడాలి. ఎవరో పుట్టినరోజుకని మధ్యాహ్నం ముప్పై ఒకేసారి పట్టుకెళ్లి రెండింటికే ఖాళీ అయిందనుకో, ఆ రోజుని ఇలా పెంచి లెక్కేస్తే మూడొందలు వస్తుంది, పిచ్చి లెక్క. ఆర్డర్లు వేరే గడిలో రాయాలి, వాటిని తీసేశాకే ఇది చెయ్యాలి.

నెల్లూరు_స్వీట్స్
మా దగ్గర ఇంత లెక్క లేదండీ. రాత్రి ఎనిమిది తర్వాత మిగిలినవన్నీ సగం రేటు. ఏదీ పారెయ్యం. సమస్యే లేదు.

లెక్కల_పద్మ
ఆ సగం రేటుకి అమ్మినవి పుస్తకంలో ఎక్కడ రాస్తారు?

నెల్లూరు_స్వీట్స్
అమ్మినవాటిలోనే. అమ్మాం కదా.

లెక్కల_పద్మ
అక్కడే చిక్కు. పూర్తి రేటుకి 70 పోయి, సగం రేటుకి 30 పోతే పుస్తకంలో 100 అమ్మకం, మిగిలింది సున్నా అని ఉంటుంది. రేపు మళ్లీ 100 చేస్తారు. ఆ 30 నిజంగా మిగిలినవే, కాకపోతే కొంత డబ్బు తిరిగొచ్చింది. దానికి వేరే గడి ఉండాలి.

కరీంనగర్_బన్
సగం రేటు పెడితె ఇంకోటి అయితది. ఏడున్నరకు రావాల్సినోడు ఎనిమిదింటిదాక ఆగుతడు. మా కాడ పోరగాళ్లు బయట బండి మీద కూసొని టైమ్ సూస్తుండె. బంద్ వెట్టినం.

నెల్లూరు_స్వీట్స్
మా దగ్గర వచ్చేవాళ్లు వేరు. పగలు కొనేవాళ్లు రాత్రి రారు. హాస్టల్ పిల్లలు, ఆటో వాళ్లు వస్తారు. పారెయ్యడం కంటే వాళ్లు తినడం నాకు ఇష్టం. వేరే గడి మాత్రం పెడతాను, పద్మగారు చెప్పింది సబబు.

సాయంత్రం_టీ
పొద్దున వేడి చేసి మళ్లీ అమ్మే కొట్లు ఉన్నాయి. ఒకసారి తిన్నా, పొర నోట్లో తోలులా సాగింది. గుడ్డుది మాత్రం దయచేసి ఎవరూ అలా చెయ్యకండి.

గోదారి_బేకరీ
మేం ఎగ్ పఫ్ రాత్రి దాటనివ్వం. ఆ విషయంలో నాన్నగారు చాలా గట్టి.

సరే, నాకు అర్థమైంది. ఇప్పుడు బుధవారానికి ఎన్ని చెయ్యాలి? అయిపోయిన రోజులు సరిచేసుకుని, నవరాత్రులకు ముందు తొమ్మిది బుధవారాల గిరాకీ తీశాను. తక్కువ నుంచి ఎక్కువకి: 96, 100, 104, 108, 110, 114, 118, 122, 130. సగటు తీసుకోనా? అన్నింటికంటే ఎక్కువది తీసుకోనా?

లెక్కల_పద్మ
అది పఫ్ ఒకటి మిగిలితే మీకు ఎంత నష్టమో, ఒకటి తక్కువైతే ఎంత నష్టమో దాన్ని బట్టి ఉంటుంది. రేటు ఎంత? ఒక పఫ్‌కి సరుకు ఖర్చు ఎంత? మాస్టర్ జీతం, అద్దె కలపకండి, అవి ఒక పఫ్ ఎక్కువైనా తక్కువైనా మారవు.

గోదారి_బేకరీ
రేటు 25. మైదా, మార్జరిన్, సగం గుడ్డు, ఉల్లిపాయ మసాలా, గ్యాస్, కవర్ అన్నీ కలిపి 11 పడుతోంది.

లెక్కల_పద్మ
ఒకటి తక్కువైతే 14 రూపాయల లాభం పోతుంది. ఒకటి మిగిలితే 11 పోతాయి. 14ని 25తో భాగిస్తే 0.56. అంటే పది బుధవారాల్లో ఐదారుసార్లు కట్టేసే వేళకి సరుకు ఉండాలి, నాలుగైదుసార్లు అయిపోయినా ఫర్వాలేదు. ఈ సంఖ్య సగం దగ్గరే ఉంది కాబట్టి మీ జాబితాలో మధ్యదానికి కాస్త పైన ఆగాలి. పైనున్న 130 దాకా వెళ్తే పారేసేదే ఎక్కువ. ఎంబీఏలో దీన్ని పేపర్లమ్మే కుర్రాడి లెక్కగా చెప్తారు, సాయంత్రానికి పాత పేపరు ఎవరూ కొనరు కదా. ఎక్సెల్‌లో అయితే B2 నుంచి B10 దాకా ఆ తొమ్మిది అంకెలు వేసి ఇది పెట్టండి.

```
=PERCENTILE(B2:B10,0.56)
```

111.92 వస్తుంది, అంటే 112.

ఓవెన్_మాస్టర్
కాగితం మీదైతే కింది నుంచి ఆరోది, 114. రెండూ ఒకటే, ఎందుకంటే ట్రేకి 24 పడతాయి. నాలుగున్నర ట్రేలు 108, ఐదు ట్రేలు 120. లెక్క 112 అన్నా 114 అన్నా నువ్వు ఈ రెండిట్లో ఒకటే చెయ్యగలవు. అంతకంటే సన్నటి లెక్కతో పని లేదు.

కేక్ ముక్కలకి మాత్రం ఈ లెక్క వేరుగా వస్తుంది, చూసుకో. వాటికి క్రీమ్, ఖర్చు ఎక్కువ, లాభం ఖర్చు కంటే తక్కువ ఉంటే మధ్యదానికి కింద ఆగాలి. బ్రెడ్‌కి భాస్కర్ పది శాతం ఎందుకు సరిపోయిందో ఇప్పుడు చెప్తా. మిగిలిన బ్రెడ్‌ని ముక్కలు కోసి ఆరబెట్టి రస్క్ చేస్తాడు. మిగిలినా పెద్దగా పోయేది లేదు. అలాంటిది ధైర్యంగా ఎక్కువ చెయ్యొచ్చు.

బ్రెడ్డు_భాస్కర్
అవును, రస్కే చేస్తాం. కానీ రస్క్ అమ్ముడుపోయినంతవరకే. వానాకాలం రస్క్ మెత్తబడి అదీ మిగిలింది ఒకసారి.

కొత్త_కొట్టు
సారూ, ఒకేసారి పొద్దున్నే 120 కాల్చెయ్యాలా? సాయంత్రానికి చల్లారిపోవా?

ఓవెన్_మాస్టర్
ఇది అన్నింటికంటే మంచి ప్రశ్న. పఫ్‌ని రెండు విడతలుగా కాల్చు. రేపు ఎన్ని అన్న ప్రశ్నకి జవాబు ఈ రాత్రే చెప్పక్కర్లేదు, సగం జవాబు రేపు మధ్యాహ్నం చెప్పొచ్చు.

పొద్దున 120కి సరిపడా పొరల పిండి పరిచి, చదరాలుగా కోసి పెట్టుకో. పొద్దున 60 కాల్చు. మూడున్నరకి ట్రే చూడు. గోదారి లెక్కలో మూడున్నరకి రోజులో నలభై శాతం పోతాయి. 48 పోయాయా, రోజు 120 వెళ్తుంది, మిగతా అరవై మొత్తం కాల్చు. 36 పోయాయా, రోజు తొంభై, ఇంకో ముప్పై చాలు. కాల్చని పిండి చదరాలు ఫ్రిజ్‌లో రేపటికి ఉంటాయి, పారెయ్యక్కర్లేదు. పైగా నాలుగున్నరకి కాలేజీ వదిలే వేళకి వేడిగా దిగుతాయి.

జాగ్రత్తలు రెండు. ఓవెన్ వేడెక్కడానికి, కాలడానికి కలిపి ముప్పావుగంట తీసిపెట్టుకో, నాలుగింటికి నిర్ణయం తీసుకుంటే ఆలస్యమే. ఇంకోటి, ఎగ్ పఫ్‌ని గుడ్డు పెట్టి మడిచేసి డీప్ ఫ్రీజర్‌లో వెయ్యకు. ఉడికిన తెల్లసొన గడ్డకడితే రబ్బరులా అయి నీరు వదులుతుంది, అడుగు పొర తడిసిపోతుంది. పిండి చదరాలు వేరుగా పెట్టి, కాల్చే ముందే గుడ్డు, మసాలా పెట్టు. వెజ్ పఫ్‌కి ఆ ఇబ్బంది అంత లేదు.

కరీంనగర్_బన్
బన్‌కు ఇది నడ్వదు కదా మాస్టర్. పిండి పొంగాలంటె గంటలు పడ్తది, మధ్యాహ్నం సూసి సాయంత్రానికి చేసుడు కాదు.

ఓవెన్_మాస్టర్
నడవదు. బన్‌కి రాత్రి చెప్పిన అంకె మీదే నిలబడాలి. అందుకే బన్ లెక్కకి మీ అమ్మగారి సుద్ద గీతలు ఎక్కువ అవసరం.

కరీంనగర్_బన్
ఇంకో ముచ్చట. మాకు రోజు ఆరేడు బన్లు తేడా వస్తుండె. చేసినవి మైనస్ అమ్మినవి మైనస్ మిగిలినవి కలుస్తలేవు. పని పోరలు తింటున్నరని మా నాయన లొల్లి. సూస్తె బిల్లు కొట్టే పిల్లగాడు క్రీమ్ బన్‌కు, జామ్ బన్‌కు ఒక్కటే బటన్ కొడ్తున్నడు, రేటు ఒకటే అని. జామ్ బన్ చేసినదానికంటె ఎక్కువ అమ్మినట్టు వచ్చింది, అప్పుడు దొరికింది.

లెక్కల_పద్మ
అందుకే రాత్రి ఒక్క వరుస కలవాలి: చేసినవి అంటే అమ్మినవి, సగం రేటువి, మాడినవి విరిగినవి, పనివాళ్లు తిన్నవి, ఊరికే ఇచ్చినవి, పారేసినవి, వీటి మొత్తం. కలవకపోతే ఆ తేడాని దాచకుండా తేడా అని రాయండి. పనివాళ్లకి రోజుకి ఇన్ని అని బాహాటంగా ఇచ్చి రాస్తే తిన్నది దాచే అవసరం ఎవరికీ ఉండదు. మాడినవాటిని మిగిలినవాటిలో కలిపితే గిరాకీ తక్కువని అనుకుంటారు, కానీ తప్పు ఓవెన్‌ది.

హాస్టల్_వంట
ఇది మాకూ పనికొస్తుంది. మేం పిల్లలు వదిలేసిన ఇడ్లీ, గిన్నెలో మిగిలిన ఇడ్లీ ఒకే డబ్బాలో వేసి తూకం వేస్తున్నాం.

ఓవెన్_మాస్టర్
వేరు చెయ్యి. గిన్నెలో మిగిలితే ఎక్కువ వండావని. కంచంలో మిగిలితే ఎక్కువ వడ్డించావని, లేదా రుచి లేదని.

సాయంత్రం_టీ
నేను అన్న కార్తీకం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ తొమ్మిది బుధవారాలు శ్రావణం, భాద్రపదంలోవి. ఇప్పుడు అయ్యప్ప మాలలు, సోమవారం ఉపవాసాలు. అప్పటి 112 ఇప్పుడు చేస్తే మిగలదా?

ఓవెన్_మాస్టర్
మిగలొచ్చు, ఈ మాట ఒప్పుకుంటా. తమ్ముడి దగ్గర పోయినేడు కార్తీకం పుస్తకం ఉంటే అది చూసుకోవడం మేలు. లేకపోతే పొద్దున తక్కువ కాల్చి, మూడున్నర లెక్కని నమ్ముకోవడమే. గిరాకీ నిజంగా తగ్గిందో లేదో మూడున్నరకే కనబడుతుంది.

గోదారి_బేకరీ
పోయినేడు పుస్తకంలో చేసినవి మాత్రమే ఉన్నాయి, అమ్మినవి లేవు.

నాన్నగారితో మాట్లాడా. పారేసేది పెరుగుతుందని మొదట ఒప్పుకోలేదు. శుక్రవారం ఐదున్నర తర్వాత పోయిన నలభై పఫ్‌లు, ఒక్కోదానికి 14 చొప్పున, 560 రూపాయలు అని చూపించా. ఆ వారం మొత్తం మిగిలిన 52 పఫ్‌లకి 11 చొప్పున 572. ఒక్క సాయంత్రం పోగొట్టుకున్నది, వారమంతా పారేసినదాంతో సమానం. అది చూసి పిండి 120కి పరచమన్నారు. పొద్దున 60, మూడున్నరకి చూడటం.

బ్రెడ్డు_భాస్కర్
బుధవారం ఎలా అయిందో ఇక్కడే రాయి.

గోదారి_బేకరీ
ఈ బుధవారం లెక్క. పొద్దున 60 కాల్చాం. మూడున్నరకి 38 పోయాయి, అంటే రోజు 95 వెళ్తుందని ఇంకో 36 కాల్చాం. మొత్తం 96. ఆఖరి పఫ్ 8:10కి పోయింది. మిగిలిన పిండి చదరాలు 24 ఫ్రిజ్‌లో ఉన్నాయి, రేపటికి. ఆ తర్వాత ఐదుగురు అడిగారు, సుద్ద లేక పెన్నుతో అట్ట మీద గీతలు పెట్టా. ఎదురు బేకరీలో ఆ టైమ్‌కి ఎగ్ పఫ్ ఉంది, అదీ చూశా.

ఓవెన్_మాస్టర్
8:10 అని పుస్తకంలో రాశావా?

గోదారి_బేకరీ
రాశాను, కొత్త గడి గీశాం.

లెక్కల_పద్మ
ఎనిమిదింటికి తొంభై మూడు శాతం పోతాయి కాబట్టి ఈ బుధవారం గిరాకీ 103 అని రాసుకోండి, 96 కాదు. కార్తీకంలో మొదటి నిజమైన బుధవారం అంకె ఇదే మీకు. ముందటి 112తో పోలిస్తే కాస్త తక్కువ, సాయంత్రం_టీ గారి మాటలోనూ కొంత ఉంది. ఎదురు కొట్టు వాటా అందులో ఎంతో ఈ ఒక్క అంకెతో విడదియ్యలేం.

సాయంత్రం_టీ
కొంతే అయినా ఒప్పుకున్నారు, చాలు.

నెల్లూరు_స్వీట్స్
వెజ్ పఫ్ ఎంత పోయింది ఆ రోజు? ఎగ్ ఉన్నప్పుడు వెజ్ తగ్గిందా?

గోదారి_బేకరీ
తగ్గింది. 70 చేస్తే 19 మిగిలాయి. దీనికి పాత బుధవారాలు వాడనా, ఎగ్ అయిపోయిన రోజులన్నీ తీసేసి మళ్లీ లెక్కేసుకోనా?

లెక్కల_పద్మ
ఎగ్ అయిపోయిన రోజుల్లో ఆ టైమ్ తర్వాత అమ్మిన వెజ్ తీసేయండి, రోజు మొత్తం తీసేయక్కర్లేదు. కార్తీకంలో ఎగ్ మానేసి వెజ్‌కి వచ్చినవాళ్లు ఎంతమందో మాత్రం నాకు తెలిసే దారి కనబడటం లేదు. మాస్టారూ?

ఓవెన్_మాస్టర్
ఈ సోమవారం చూడు. ఉపవాసాలవాళ్లు రారు, మాలధారులు కొందరు వెజ్ కూడా బయట తినరు. రెండూ అయిపోకుండా పెట్టి, రెండిటి వాటా రాసుకో. ఆ ఒక్క రోజు నాలుగు మిగిలినా మిగలనీ.